వంజరం ముక్కల పక్కన హార్డ్ డిస్క్

కింద పడ్డ హార్డ్ డిస్క్‌కు నష్టం రెండు దఫాలుగా జరుగుతుంది. మొదటిది నేలను తాకిన క్షణంలో జరిగిపోతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. రెండోది ఆ తరువాత మన చేతుల మీదుగా నిదానంగా జరుగుతుంది. ద్వారకానగర్‌లోని నా మరమ్మతు దుకాణానికి వచ్చే పోర్టబుల్ డిస్కులను చూస్తూ నేను ఏర్పరచుకున్న అభిప్రాయం ఏమిటంటే, చాలా సందర్భాల్లో ఆ రెండో నష్టమే పెద్దది. డిస్కు పడ్డ వెంటనే తీగ పీకేసి, సంచీలో పెట్టి తెచ్చేవాళ్ళు చాలా తక్కువ. మిగిలినవాళ్ళు మళ్ళీ మళ్ళీ పెట్టి చూస్తారు, ఊపుతారు, తడతారు, పక్కింటివాళ్ళ కంప్యూటర్లో కూడా పెట్టి చూస్తారు. ఆఖరున ఎవరో ఒకరు డిస్కును ఫ్రీజర్లో పెట్టి చూడమని చెబుతారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ఫ్రీజర్ మాట మీదే. విశాఖపట్నంలాంటి ఊళ్ళో అది ఇంకెక్కడికన్నా ఎక్కువ చెడుపు చేసే సలహా.

గాజువాక నుంచి వచ్చిన ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. పెళ్ళిళ్ళకు ఫొటోలు, వీడియోలు తీస్తాడు. ఒక రాత్రి పెళ్ళి పని ముగించుకుని ఇంటికి వచ్చి, మెమరీ కార్డుల్లోని ఫుటేజీని ల్యాప్‌టాప్ ద్వారా 2 టీబీ పోర్టబుల్ డిస్కులోకి కాపీ చేస్తున్నాడు. లేవబోతే తీగ కాలికి తగిలి, డిస్కు భోజనాల బల్ల మీద నుంచి కింద పడింది. కింద విట్రిఫైడ్ టైల్స్. తీసి మళ్ళీ పెడితే లైటు వెలిగింది, లోపలి నుంచి సన్నగా కూత లాంటి చప్పుడు వచ్చింది, కంప్యూటర్లో మాత్రం ఏమీ కనిపించలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. పడ్డ ఎత్తును, ఆగడానికి పట్టిన దూరంతో భాగిస్తే, దెబ్బ భూమ్యాకర్షణకు సగటున ఎన్ని రెట్లో వస్తుంది. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. ప్లాస్టిక్ కేసు, గట్టి టైలు కలిసి ఒక మిల్లీమీటరు లోపల డిస్కును ఆపేశాయనుకుందాం. 750 రెట్లు. అదే మందపాటి పరుపు మీద పడి ఒక సెంటీమీటరు దూరంలో ఆగితే 75 రెట్లే. ఈ చిన్న రకం డిస్కులు ఆగి ఉన్నప్పుడు సాధారణంగా 1000 రెట్ల దాకా తట్టుకునేలా తయారవుతాయి. తిరుగుతున్నప్పుడు మాత్రం ఆ హద్దు 400 దగ్గరికి పడిపోతుంది. అంటే అదే బల్ల, అదే నేల, అదే డిస్కు అయినా, తీగ లేకుండా పడి ఉంటే బతికి బయటపడే అవకాశం బాగా ఉండేది. అందుకే నా దగ్గరికి పడ్డ డిస్కు ఎవరు తెచ్చినా నేను మొదట అడిగేది ఎంత ఎత్తు నుంచి పడింది అని కాదు, పడేటప్పుడు తీగ పెట్టి ఉందా అని.

ఆ తేడా ఎందుకో తెలియాలంటే లోపల ఏముందో కొంచెం చూడాలి. గుండ్రటి పలకలు ఒక మోటారు మీద నిమిషానికి 5400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతాయి. డేటా ఆ పలకల పైపూతలో అయస్కాంత గుర్తులుగా ఉంటుంది. దాన్ని చదివే హెడ్ పలకను తాకదు. పలకతో పాటు తిరిగే గాలి దాన్ని పైకి లేపి పట్టుకుంటుంది. చదివే చోట ఆ ఖాళీ కొద్ది నానోమీటర్లే, అయిదు కూడా ఉండదు. మన తల వెంట్రుక మందం సుమారు 70 వేల నానోమీటర్లు. డిస్కు ఆగేటప్పుడు హెడ్లు పలక అంచు దాటి బయటికి వచ్చి, ప్లాస్టిక్‌తో చేసిన చిన్న వాలు మీదికి ఎక్కి కూర్చుంటాయి. ఆగి ఉన్న డిస్కు పడితే హెడ్లు ఆ వాలు మీద భద్రంగా ఉంటాయి. తిరుగుతున్న డిస్కు పడితే అవి పలక మీదే ఉంటాయి, దెబ్బకు పలకను కొడతాయి. ఒక్కోసారి తిరిగి వాలు చేరకుండానే కరెంటు పోయి, పలక ఆగిపోయి, హెడ్లు దాని మీదే అతుక్కుపోతాయి.

మన కుర్రవాడి డిస్కుకు జరిగింది ఈ చివరిదే. ఆ కూత మోటారుది. తిరగాలని ప్రయత్నించి, హెడ్లు పట్టుకుని ఉండటం వల్ల తిరగలేక, కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తోంది. ఇది అతనికి తెలియదు. తెలియకపోవడం అతని తప్పు కాదు. లైటు వెలుగుతోంది కనుక ప్రాణం ఉందనుకుని, తీగ మార్చి, పోర్టు మార్చి, తమ్ముడి కంప్యూటర్లో పెట్టి చూశాడు. ఒక ప్రయత్నంలో డిస్కును చేత్తో పట్టుకుని గట్టిగా తిప్పాడట, లోపలిది వదులవుతుందని. వదులయింది. పలక తిరిగింది. కూత పోయి ‘టిక్, టిక్’ మొదలయింది. అది మెరుగుపడటం అనుకున్నాడు. నిజానికి అప్పటిదాకా అతుక్కుని మాత్రమే ఉన్న హెడ్లలో కనీసం ఒకటి అప్పుడే ఊడిపోయో, వంగిపోయో ఉంటుంది.

ఆ టిక్కుల గురించి కూడా చెప్పాలి. డిస్కు తిరగడం మొదలవగానే హెడ్ పలక మీదికి వెళ్ళి, తాను ఎక్కడున్నదీ చెప్పే గుర్తుల కోసం వెతుకుతుంది. అవి చదవలేకపోతే వెనక్కి వచ్చి మళ్ళీ వెళుతుంది. ఆ రాకపోకల చప్పుడే టిక్కు. కొన్నిసార్లు ప్రయత్నించాక డిస్కు తనంతట తాను ఆగిపోతుంది. చప్పుడు లయగా, చిన్నగా ఉంటుంది కాబట్టి భయం కలగదు. కానీ వంగిన హెడ్ తిరిగే పలక మీద ఉంటే లెక్క వేరు. ఈ సైజు డిస్కు పలక అంచు దాదాపు గంటకు 65 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. అరనిమిషం టిక్కులంటే 2700 చుట్లు. ప్రతి చుట్టులోనూ ఆ హెడ్ మొన పైపూతను గీస్తూ ఉండవచ్చు. గీసిన చోట డేటా పొడిగా రాలుతుంది. ఆ పొడి లోపలంతా తిరిగి బాగున్న హెడ్ల కింద కూడా పడుతుంది. రాలిపోయిన పూతలోంచి డేటా తీయగల ప్రయోగశాల ప్రపంచంలో ఎక్కడా లేదు. ‘ఇంకొక్కసారి పెట్టి చూద్దాం’ అనే మాటకు నేను అంతగా చిరాకు పడేది ఇందుకే.

ఇక ఫ్రీజర్.

ఆ రాత్రి ఎవరో ఫోన్లో చెప్పారట, జిప్ కవరులో పెట్టి డీప్ ఫ్రీజర్లో రాత్రంతా ఉంచితే పొద్దున ఒక అరగంట పనిచేస్తుంది, ఆ అరగంటలో కాపీ చేసుకోవచ్చని. ఇంట్లో వాళ్ళ పిన్ని వంజరం ముక్కల డబ్బా కొంచెం పక్కకు జరిపి చోటిచ్చింది. పొద్దున తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టేసరికి కవరు బయట నీళ్ళు కారుతున్నాయి.

“అన్నయ్యా, ఇంకా చల్లగానే ఉంది. వెంటనే పెట్టి చూస్తారా?” అన్నాడు.

“చల్లగా ఉంది కనుకనే పెట్టను,” అన్నాను.

ఫ్రీజర్ చిట్కా పూర్తిగా కల్పన అనడం న్యాయం కాదు. దానికొక చరిత్ర ఉంది. పాత తరం డిస్కుల్లో, ముఖ్యంగా 1990ల్లో వాడినవాటిలో, ఈ వాలు ఏర్పాటు చాలావాటికి ఉండేది కాదు. కరెంటు ఆపగానే హెడ్లు పలక మీదే ఒక కేటాయించిన చోట దిగి కూర్చునేవి. రెండు నున్నటి తలాలు చాలాకాలం అంటుకుని ఉంటే అతుక్కుపోయేవి. చల్లబరిస్తే లోహాలు కుంచించుకుని ఆ పట్టు అప్పుడప్పుడు వదిలేది. మరికొన్ని డిస్కుల్లో లోపం బయటి సర్క్యూట్ బోర్డులో ఉండేది. వేడెక్కగానే పనిచేయడం మానేసే చిప్పు చల్లగా ఉన్న కొన్ని నిమిషాలు పనిచేసేది. అలా కొందరికి నిజంగానే డేటా దొరికింది, వాళ్ళు పదిమందికీ చెప్పారు. దొరకనివాళ్ళు చెప్పడానికి ఏమీ లేక ఊరుకున్నారు. రోగమేదో చూడకుండా ఒకే మందు అందరికీ పంచినట్టు, ఆ చిట్కా మాత్రం ఇన్నేళ్ళు బతికింది.

ఇవాళ్టి పడ్డ డిస్కులో ఏ రోగముంటుంది? హెడ్ వంగి ఉంటుంది, చలికి అది నిటారు కాదు. పలక మీద గీత ఉంటుంది, చలికి అది పూడదు. మోటారు బేరింగ్ బిగుసుకుని ఉండవచ్చు. ఇప్పటి బేరింగుల్లో బంతులు లేవు, సన్నటి నూనె పొర ఉంటుంది. చలికి నూనె చిక్కబడుతుంది, మోటారు తిరగడం ఇంకా కష్టమవుతుంది. మిగిలింది అతుక్కున్న హెడ్ ఒక్కటే. దాని విషయంలోనైనా పనిచేస్తుందేమో అని ఆశపడితే, అక్కడే తేమ సంగతి వస్తుంది. నున్నటి రెండు తలాల మధ్య సన్నటి నీటి పొర చేరితే అవి విడివడవు, ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. రెండు గాజు పలకల మధ్య చుక్క నీరు వేసి విడదీయబోయినవారికి ఇది తెలుసు. అంటే ఫ్రీజర్ విడదీస్తుందనుకున్న చోటికే జిగురు తీసుకెళుతోంది.

ఆ నీరు ఎక్కడిది, డిస్కు మూసి ఉంటుంది కదా అని అడుగుతారు. మామూలు పోర్టబుల్ డిస్కు గాలి చొరనంతగా మూసి ఉండదు. పైకప్పు మీద చిన్న రంధ్రం ఉంటుంది, పక్కనే దాన్ని మూయవద్దని రాసి ఉంటుంది. లోపలి, బయటి గాలి పీడనం సమంగా ఉండటానికి అది అవసరం. రంధ్రం వెనక ఉన్న వడపోత దుమ్మును ఆపుతుంది, నీటి ఆవిరిని ఆపదు. హీలియం నింపిన పెద్ద డిస్కులు పూర్తిగా మూసి ఉంటాయి కానీ అవి మన సంచుల్లో తిరిగే రకం కాదు.

ఇప్పుడు మన ఊరి గాలి సంగతి చూడండి. ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, తేమ 80 శాతం. విశాఖలో ఇదేమీ ప్రత్యేకమైన రోజు కాదు, వర్షాకాలంలో ఒక మామూలు సాయంత్రం. ఆ గాలి 24 డిగ్రీలకు చల్లబడగానే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుంది. అంటే 24 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు చేరుతుంది. ఫ్రీజర్ నుంచి వచ్చే డిస్కు ఉన్నది మైనస్ 18 దగ్గర. పొడి గాలి, చలి వాతావరణం ఉన్న దేశంలో ఎవరో రాసిన చిట్కాను బీచ్ రోడ్డుకు కిలోమీటరు దూరంలో ఉన్న వంటింట్లో అమలు చేయడంలో ఉన్న తేడా ఇది.

లోపల ఉన్న కాస్త గాలిలో ఎంత నీరుంటుంది అనేది న్యాయమైన ప్రశ్నే. లెక్క వేద్దాం. అటువంటి గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 22 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. డిస్కు లోపల 20 మిల్లీలీటర్ల గాలి ఉందనుకుంటే, సుమారు 0.4 మిల్లీగ్రాము నీరు. కంటికి ఆనదు. కానీ అది మొత్తం ఒక పలక రెండు వైపులా సమంగా పరుచుకుంటే 60 నానోమీటర్ల పైచిలుకు మందం అవుతుంది. అందులో పదో వంతు మాత్రమే పలక మీదికి చేరినా, హెడ్ ఎగరవలసిన ఖాళీ నిండిపోయినట్టే. డిస్కు లోపల తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటుంది, కొంత అది తాగుతుంది, నిజమే. అయితే నీరు సమంగా పరుచుకోదు, చుక్కలుగా చేరుతుంది. ఒక మైక్రోమీటరు చుక్క కూడా హెడ్ ఖాళీకి 200 రెట్లు పైమాటే. పైగా చల్లబడిన గాలి ముడుచుకుంటుంది కనుక ఆ రంధ్రంలోంచి కొత్త గాలి, కొత్త తేమ లోపలికి వస్తాయి. కవరులో బియ్యం గింజలు వేశామని, సిలికా పొట్లం వేశామని చెప్పేవారున్నారు. సిలికా కవరులోని తేమను కొంత తగ్గిస్తుంది, కాదనను. కానీ డిస్కును పనిచేయించాలంటే కవరు తెరవాలి, తీగ పెట్టాలి. తెరిచిన క్షణం నుంచి విశాఖ గాలి దాన్ని చుట్టుముడుతుంది. లోపలి పలకల కన్నా ముందు బయటి సర్క్యూట్ బోర్డు తడిసి ముద్దవుతుంది, ఆ తడి మీద కరెంటు పోతుంది.

తయారీదారుల పత్రాలు చూసినా ఇదే తెలుస్తుంది. ఈ డిస్కులు పనిచేయడానికి కింది హద్దు సాధారణంగా 0 లేదా 5 డిగ్రీలు. కరెంటు లేకుండా నిల్వ ఉంచడానికైతే మైనస్ 40 దాకా ఇస్తారు, తేమ నీరుగా మారి పట్టకుండా ఉంటేనే అనే షరతుతో. ఇందులో ఒక ఊరట ఉంది. ఇప్పటికే ఫ్రీజర్లో పెట్టేసి ఉంటే, ఆ చలి ఒక్కటే డిస్కును చంపదు. చంపేది బయటికి తీశాక మన తొందర. కవరు మూతి తెరవకుండా అలాగే బయట పెట్టండి. తేమ డిస్కు మీద కాకుండా కవరు బయటి పొర మీద పడుతుంది. ఎండలో వద్దు, హెయిర్ డ్రయర్ వద్దు, ఏసీ గదిలో కూడా వద్దు. ఒక రోజు మొత్తం గది ఉష్ణోగ్రతకు రానివ్వండి. ఆ కుర్రవాడి డిస్కును నేనలాగే ఒక రోజు పక్కన పెట్టాను. ఆ తరువాత కూడా కరెంటు ఇవ్వలేదు, ఎందుకంటే చప్పుడు సంగతి అతని నోటనే విని ఉన్నాను. వినడానికి ఇంకొకసారి తిప్పవలసిన పని లేదు.

చప్పుడును బట్టి ఏం చేయాలో నా పద్ధతి చెబుతాను. తీగ లేకుండా పడ్డ డిస్కును ఒక్కసారి, చెవి దగ్గర పెట్టుకుని, నేరుగా కంప్యూటర్ పోర్టుకు పెట్టి వినవచ్చు. హబ్ వద్దు. పూర్తి నిశ్శబ్దం, లైటు కూడా లేదు అంటే కాస్త ఆశ పెట్టుకోవచ్చు. తీగ తెగి ఉండవచ్చు, లేదా కేసులో తీగ గుచ్చే సాకెట్టు బోర్డు నుంచి ఊడి ఉండవచ్చు. అది టంకం వేసి సరిచేయగలిగిన పని. వేరే తీగతో ఒకసారి చూడండి. కూత, టిక్కు, గరగర, వీటిలో ఏది వినిపించినా అక్కడితో ఆపండి. గరగర అయితే మరీ ముఖ్యంగా, అది హెడ్ పలకను గీస్తున్న చప్పుడు.

మామూలుగా తిరిగే చప్పుడు మెత్తగా వచ్చి, టిక్కులు లేకుండా, విండోస్‌లో ‘Disk Management’ తెరిస్తే డిస్కు అసలు సైజుతో కనిపిస్తే, అది వేరే దారి. సైజు సున్నా అని గానీ, ‘Unknown’, ‘Not Initialized’ అని గానీ కనిపిస్తే, చాలాసార్లు డిస్కు తన సొంత లోపలి సమాచారాన్నే చదవలేకపోతోందని అర్థం. అప్పుడు ‘Initialize Disk’ అని అడిగే పెట్టెను మూసేయండి. ఫార్మాట్ చేయమని అడిగినా అంతే. `chkdsk` కూడా వద్దు. అది ఫైళ్ళ పట్టికను సరిచేయడానికి పుట్టిన పనిముట్టు, సరిచేయమంటే చెడిన డిస్కు మీద రాతలు రాస్తుంది. పగిలిన హెడ్‌తో రాయించడం కన్నా చెడ్డ పని ఇంకొకటి లేదు.

సరైన సైజుతో, మామూలు చప్పుడుతో కనిపించిన డిస్కును కూడా నమ్మి ఫైళ్ళు ఒక్కొక్కటిగా లాగకండి. విండోస్ చదవలేని చోట అదే చోటును పదేపదే ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. లినక్స్‌లో `ddrescue` అనే ఉచిత పనిముట్టు ఉంది. తేలిగ్గా వచ్చేదంతా ముందు తీసుకుని, మొండికేసే చోట్లను దాటేసి, వాటి జాబితా రాసి పెట్టుకుంటుంది. బాగున్న, అంతకన్నా పెద్ద మరో డిస్కులోకి వెళ్ళి ఈ ఆదేశం ఇవ్వాలి. `sdb` అనే చోట మీ చెడిన డిస్కు పేరు ఉండాలి, అది `lsblk` లో సైజు చూసి నిర్ధారించుకోండి.

```
sudo ddrescue -d -n /dev/sdb disk.img disk.map
```

దీని తరువాత చేసే ఏ వెతుకులాటైనా `disk.img` మీదే, అసలు డిస్కు మీద కాదు. నడుస్తుండగా వేగం పడిపోయి, టిక్కులు మొదలైతే ఆపేయండి. జాబితా ఉంది కనుక అక్కడి వరకు వచ్చింది ఎక్కడికీ పోదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. డిస్కే కనిపించనప్పుడు ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు. కొనమని బతిమాలే ప్రకటనలు ఈ ముక్క చెప్పవు.

బోర్డు మార్పిడి గురించి కూడా ఒక మాట. అదే మోడల్ పాత డిస్కు కొని, దాని బోర్డు దీనికి బిగించమని అడిగేవారు వారానికొకరైనా వస్తారు. ప్రతి డిస్కుకూ తన హెడ్లకు సరిపోయే కొలతలు తయారీలోనే రాసి, బోర్డు మీది చిన్న చిప్పులో పెడతారు. ఆ చిప్పునో, అందులోని సమాచారాన్నో కొత్త బోర్డుకు మార్చకపోతే డిస్కు పలకదు. పైగా పడ్డ డిస్కులో దెబ్బ చాలావరకు లోపలే ఉంటుంది. కేసు విప్పి వేరే కేసులో పెట్టడం కూడా చాలా పోర్టబుల్ డిస్కుల్లో కుదరదు. యూఎస్‌బీ సాకెట్టు నేరుగా డిస్కు బోర్డు మీదే ఉంటుంది, కొన్నింటిలో ఆ బోర్డే డేటాను సంకేతలిపిలోకి మారుస్తుంది.

లోపల దెబ్బ తగిలిన డిస్కుకు ఉన్న దారి ఒకటే. దుమ్ములేని గాలి నిరంతరం వీచే ప్రత్యేకమైన బల్ల మీద దాన్ని తెరిచి, సరిగ్గా అదే రకం మరో డిస్కులోని హెడ్లను తీసి దీనికి అమర్చి, పలకలను చదివించాలి. ఆ హెడ్లు కూడా ఎంతకాలం నిలుస్తాయో తెలియదు కనుక చదివింపు ఒక పద్ధతిలో సాగాలి. ఈ సదుపాయం నా దుకాణంలో లేదు, ఆ సంగతి వచ్చినవారికి ముందే చెబుతాను. మీరు ఎవరికి ఇచ్చినా ముందు అడగవలసింది, ‘దీన్ని ఎక్కడ తెరుస్తారు?’ అని. ఇక్కడే తెరుస్తామంటే ఆ బల్ల చూపించమనండి. ఫ్యాను కింద, కిటికీలోంచి సముద్రపు గాలి వచ్చే గదిలో స్క్రూలు విప్పితే, ఆ తరువాత ఏ ప్రయోగశాలా దానికి పూచీ పడదు. బయటి ఊరికి పంపుతామని నిజాయితీగా చెప్పే దుకాణం మంచిదే. పంపే ముందు తాము ఎన్నిసార్లు తిప్పి చూస్తారో మాత్రం అడగండి. సున్నా అనే జవాబు వినడం నాకిష్టం. డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు, హెడ్ల కోసం వాడే దాత డిస్కు ఖర్చు ఎవరిది అన్నవి కాగితం మీద రాయించుకోండి. హెడ్లు మార్చే పని రూపాయల్లో పదుల వేలకు చేరుతుంది. వారంటీలో డిస్కు ఉందని సంబరపడకండి. వారంటీ ఇచ్చేది మరో ఖాళీ డిస్కు, అదీ కింద పడ్డదానికి సాధారణంగా ఇవ్వరు.

ఆ డబ్బు పెట్టే ముందు, అదే డేటా ఇంకెక్కడైనా ఉందేమో వెతకాలి. కుర్రవాడిని కూర్చోబెట్టి అడిగితే తేలింది, నాలుగు కార్డుల్లో రెండింటిని అతను ఇంకా ఫార్మాట్ చేయలేదు. మూడోదాన్ని ఫార్మాట్ చేశాడు గానీ మళ్ళీ వాడలేదు. కెమెరాలో చేసే ఫార్మాట్ చాలావరకు పట్టికను మాత్రమే చెరుపుతుంది, పైన కొత్తది రాయనంతవరకు పాత ఫొటోలు తిరిగి వస్తాయి. దాన్నుంచి దాదాపు అంతా వచ్చింది. పాత పెళ్ళిళ్ళలో రెండింటి ఫొటోలు ఆల్బం డిజైన్ చేసే మనిషి కంప్యూటర్లో ఉన్నాయి. మిగిలింది నాలుగో కార్డు, ఇంకా రెండు పాత పెళ్ళిళ్ళ వీడియోలు. వాటి కోసం డిస్కును పంపాలా వద్దా అనేది అప్పుడు అతను లెక్క చూసుకుని తేల్చుకున్నాడు. పంపాడు.

ప్రయోగశాల నుంచి వచ్చిన సమాచారం ఇది. ఒక హెడ్ వంగి ఉంది, దాని కింది పలక ముఖం మీద వలయంలా గీత ఉంది, మిగతా ముఖాలు బాగున్నాయి. హెడ్లు మార్చి చదివితే ఫొటోలు చాలావరకు వచ్చాయి. పొడవాటి వీడియోలు సగానికి పైగా తెరుచుకోలేదు. ఇది విచిత్రం కాదు. డిస్కు డేటాను ఒక ముఖం నిండాక మరో ముఖం అన్నట్టు నింపదు, కొంత ఇక్కడ, కొంత అక్కడ మార్చి మార్చి రాస్తుంది. కొద్ది మెగాబైట్ల ఫొటో ఒకే ముఖం మీద ఇమిడిపోయి బతుకుతుంది. నాలుగు గిగాబైట్ల వీడియో అన్ని ముఖాల మీదా పరుచుకుని ఉంటుంది, ఒక ముఖం చెడితే దాని మధ్యలో రంధ్రాలు పడతాయి. కూత దశలోనే ఆగి ఉంటే ఆ వలయం ఉండేదా? వాళ్ళ ఇంజినీరును అడిగాను. అతుక్కున్న హెడ్లను బల్ల మీద జాగ్రత్తగా లేపి వాలు మీద పెడితే, ఒక్కోసారి అవే హెడ్లతో డిస్కు మొత్తం చదివిన సందర్భాలున్నాయని మాత్రం అన్నాడు. నేను ఆ మాట కుర్రవాడికి చెప్పలేదు.

పంపేటప్పుడు పాటించవలసింది ఒకటుంది. పడ్డ డిస్కు రెండోసారి కొరియర్ లారీలో పడకూడదు. యాంటీ స్టాటిక్ కవరులో పెట్టి, బబుల్ చుట్టి, నలుదిక్కులా, పైనా కిందా కనీసం అయిదు సెంటీమీటర్ల మెత్తటి స్పాంజి ఉండేలా గట్టి అట్టపెట్టెలో పెట్టాలి. పెట్టెను ఊపితే లోపల కదలిక తెలియకూడదు. తీగను కూడా వేయండి, కానీ డిస్కుకు గుచ్చి కాదు, విడిగా. ఒక కాగితం మీద ఎప్పుడు పడింది, తీగ పెట్టి ఉందా, ఏ చప్పుడు వచ్చింది, ఆ తరువాత ఏమేం చేశారు అన్నది దాచకుండా రాసి లోపల పెట్టండి. ఫ్రీజర్లో పెట్టి ఉంటే అది కూడా రాయండి. తెరిచేవారు పలకల మీద తేమ మరకల కోసం ముందే చూసుకుంటారు.